పెళ్లి విస్తట్లో ఉప్పు ఎక్కడుంది?

పెళ్లిలో పెద్దవాళ్ల బంతిని గమనించండి. బొబ్బట్ల పళ్లెం పట్టుకుని కుర్రాడు రాగానే సగంమంది విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. "షుగరు నాయనా, వద్దు" అనో, "డాక్టరు తినొద్దన్నాడు" అనో చెబుతారు. ఆ చెయ్యే కాసేపటికి ముద్దపప్పులో ఆవకాయ కలుపుతుంది, రెండో అప్పడం అందుకుంటుంది, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ నంజుకుంటుంది. బొబ్బట్టు వద్దన్నవారిలో చాలామందికి చక్కెరతో పాటు బీపీ కూడా ఉంటుంది. అయినా అప్పడానికి ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు. తీపి తినేటప్పుడు తీపి తింటున్నామని తెలుస్తూనే ఉంటుంది. ఉప్పు అలా కాదు, పులుపు చాటున, కారం చాటున లోపలికి వెళ్లిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి పెట్టిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అదే. ఇంట్లో టీ చెంచాతో తలకట్టుగా తీస్తే ఇంచుమించు అంత వస్తుంది. కూర, చారు, పచ్చడి, టిఫిను, మజ్జిగ అన్నీ కలిపి, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆ ఒక్క చెంచాలోనే సర్దుకోవాలి.

ఇప్పుడు ఒక విస్తరి ముందు కూర్చుని లెక్క వేద్దాం. కోనసీమలో పెళ్లి, మధ్యాహ్నం అరిటాకులో భోజనం. కూర్చున్నది అరవై దాటిన పెదనాన్నగారు, బీపీకి రోజూ మాత్ర వేసుకునే మనిషి. లెక్కకు ఒక మోటు సూత్రం పెట్టుకుందాం: మనం ఉప్పు వేసి వండే పదార్థాల్లో నూటికి ఒక పాలు ఉప్పు ఉంటుంది. అంటే వంద గ్రాముల పప్పు తింటే ఒక గ్రాము ఉప్పు తిన్నట్టు. ఒక ఇంటికి, మరో ఇంటికి కాస్త అటూఇటూ కావచ్చు కానీ అంచనాకు ఇది చాలు.

పులిహోర రెండు గరిటెలు పడింది, నూటయాభై గ్రాములు అనుకుంటే ఉప్పు ఒకటిన్నర గ్రాము. పప్పు వంద గ్రాములకు ఒకటి. గుత్తి వంకాయ, దొండకాయ వేపుడు కలిపి ఇంకొకటి. సాంబారు ఒక గరిటెడు, చారు ఒక గరిటెడు, చెరొక గ్రాము. పెరుగుపచ్చడి అరగ్రాము, రెండు గారెలు ముప్పావు గ్రాము. ఇంతవరకు అసలు భోజనం, దాదాపు ఆరుముప్పావు గ్రాములు. రోజంతటి కోటా దాటిపోయింది, పెరుగు ఇంకా రానేలేదు.

ఇక ఆకు అంచున పడేవి చూడండి. నిలవ పచ్చడి చెడకుండా ఉండేదే ఉప్పు వల్ల, అందుకే అందులో నూటికి ఒక పాలు కాదు, పది పాళ్లో అంతకంటే ఎక్కువో ఉంటుంది. ఆవకాయ రెండు చిన్న చెంచాలు, అంటే పది గ్రాములు వేసుకుంటే ఒక గ్రాము ఉప్పు. అప్పడం పిండిలో ఉప్పుతో పాటు అప్పడాల ఖారం కూడా పడుతుంది. అది కూడా సోడియమే. రెండు అప్పడాలకు ఒక గ్రాము దాకా లెక్క కట్టొచ్చు. ఊరమిరపకాయలు రెండింటికి అరగ్రాము. చివర్లో ఉప్పేసిన మజ్జిగ ఒక గ్లాసుకు మరో గ్రాము. మొత్తం పదికి పైనే తేలింది. రెండు రోజుల ఉప్పు ముప్పావు గంటలో తినేసి, "ఈరోజు పథ్యం తప్పలేదు, బొబ్బట్టు ముట్టుకోలేదు" అని పెదనాన్నగారు సంతోషంగా తాంబూలం వేసుకుంటారు.

ఈ లెక్కలో చూడాల్సింది ఒకటుంది. ఆకు అంచున పడ్డ పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ, ఆఖరి మజ్జిగ కడుపు నింపేవి కావు. అవి లేకపోయినా భోజనం భోజనంలాగే ఉంటుంది. కానీ మూడున్నర గ్రాములు వాటిలోనే ఉన్నాయి. పెళ్లి భోజనంలో ఉప్పు తగ్గించుకోవాలనుకునేవారు మొదలుపెట్టాల్సింది అక్కడే.

వంటమాస్టారు కావాలని ఉప్పు ఎక్కువ వేస్తాడని కాదు. మన కూర, పప్పు, పులుసు ఉత్తవి తినడానికి చేసినవి కావు. అన్నం చప్పగా వండుతాం, ఆ చప్పదనం తీరేంత ఉప్పు కూరలో వేస్తాం. రెండూ కలిపిన ముద్దలో ఉప్పు సరిపోవాలి, అదీ మన వంట లెక్క. కాబట్టి అన్నం తగ్గించి కూరలు అలాగే తింటే పిండిపదార్థం తగ్గుతుంది, ఉప్పు తగ్గదు. చక్కెర జబ్బు కోసం అన్నం సగం చేసినవారు చాలామంది పప్పు, సాంబారు మాత్రం పాత కొలతలోనే పోయించుకుంటారు. పిడికెడు అన్నంలో రెండు గరిటెల సాంబారు పోసుకుంటే అది అన్నం తినడం కాదు, ఉప్పునీళ్లు తాగడం. అన్నం ఎంత తగ్గిస్తే కలుపుకునేది కూడా అంత తగ్గాలి.

పండగనాడు ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. నైవేద్యం పెట్టే పదార్థాన్ని ముందుగా రుచి చూడరు. ఉప్పు చేతి అంచనాతోనే పడుతుంది. చప్పగా ఉంటే దేవుడికి పెట్టడానికి బాగుండదన్న బెంగతో చెయ్యి కొంచెం బరువుగానే పడుతుంది. పులిహోరలో ఇది మరీ తేలిక, చింతపండు పులుపు ఉప్పును మింగేస్తుంది. వినాయక చవితి ఉండ్రాళ్లు ఈ విషయంలో మంచివి. బియ్యపు రవ్వ, శనగపప్పు, చిటికెడు ఉప్పు, ఆవిరి. మన పండగ వంటల్లో ఇంత సాదాసీదాది ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

అంత ఉప్పు ఒక్కసారి లోపలికి వెళితే ఏమవుతుంది? ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఒంట్లో రక్తం, కణాల వెలుపలి నీరు ఇంచుమించు ఆ ఉప్పదనంతోనే ఉంటాయి. 9 గ్రాముల ఉప్పు అదనంగా వస్తే దాన్ని పలచన చేయడానికి ఒంటికి దాదాపు లీటరు నీరు కావాలి. పెళ్లి భోజనం తర్వాత ఆగని దాహం, మర్నాడు పొద్దున ఉంగరం బిగుసుకోవడం, కళ్ల కింద ఉబ్బు, తూకంలో కిలో తేడా రావడం అందుకే. మూత్రపిండాలు బాగున్నవారికి ఆ ఉప్పూ నీరూ ఒకటి రెండు రోజుల్లో బయటికి పోతాయి. బీపీ ఉన్నవారికి ఆ రెండు రోజులూ పాదరసం పైకి ఎక్కుతుంది. గుండె బలహీనంగా ఉండి నీరు పోయే మాత్రలు వాడుతున్నవారికి, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఆ నీరు అంత తేలిగ్గా పోదు. అలాంటివారు పెళ్లి నుంచి వచ్చాక రెండు మూడు రోజులు పొద్దున్నే బరువు చూసుకోవాలి. రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తున్నా ఇంకా ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలి. "ఎలాగూ తిన్నాం కదా" అని బీపీ మాత్ర ఇంకొకటి మింగడం మాత్రం చేయకూడదు.

పెదనాన్నగారి విస్తరి మళ్లీ పరుద్దాం. పులిహోర ఒక గరిటె, ముప్పావు గ్రాము. పప్పు డెబ్భై గ్రాములు, కూరల్లో ఇష్టమైన ఒక్కటి అరవై గ్రాములు, రెండూ కలిసి గ్రామున్నర లోపే. సాంబారు, చారు రెండూ కాకుండా ఏదో ఒకటి, ఒక గ్రాము. గారె ఒకటి. ఆవకాయ వేలితో అద్దుకున్నంత. అప్పడం, ఊరమిరపకాయ లేవు. పెరుగులో ఉప్పు ఉండదు కాబట్టి పెరుగన్నం కడుపు నిండా తినొచ్చు, ఆకు మీది ఉప్పు కలపకపోతే సరి. నంజుకోవడానికి ఊరగాయే కావాలనేం లేదు. వేసవి పెళ్లయితే మామిడిపండు ముక్క ఉంటుంది, మిగతా రోజుల్లో అరటిపండు. గోదావరి జిల్లాల్లో పాతతరం వాళ్లు పెరుగన్నంలోకి పండు నంజుకున్నవాళ్లే. ఇలా తింటే ఉప్పు నాలుగు గ్రాముల లోపే తేలుతుంది. పొద్దున టిఫిను, రాత్రి భోజనం తేలిగ్గా కానిస్తే రోజు గడిచిపోతుంది. పెదనాన్నగారికి చక్కెర జబ్బు లేకపోతే బొబ్బట్టు ఒకటి నిక్షేపంగా తినొచ్చు. ఉన్నా, అన్నం ఆ మేరకు తగ్గించుకుని పావు ముక్క రుచి చూడొచ్చు.

కాగితం మీద లెక్క తేలిక. ఆకు ముందు కూర్చున్నాక సంగతి వేరు. అక్కడ పెట్టేవారు ఉంటారు, చూసేవారు ఉంటారు. మన వైపు వడ్డన మర్యాదలో ఖాళీ ఆకు పిలుపుతో సమానం. ఏదైనా పూర్తిగా తినేస్తే అది బాగా నచ్చిందనే అర్థం, వెంటనే మరో గరిటె పడుతుంది. పప్పు తొందరగా తినేసి పక్కవారి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవారికే రెండోసారి వడ్డన ఎక్కువ జరుగుతుంది. తినే వేగం తగ్గించండి. పులిహోర నాలుగు మెతుకులు, కూర ఒక ముక్క చివరిదాకా ఆకు మీదే ఉండనివ్వండి. నిండుగా కనిపించే ఆకు దగ్గర వడ్డించే కుర్రాడు ఆగడు.

వద్దనడానికీ సమయం ఉంది. గరిటె ఆకు మీదికి వంగాక వద్దంటే పెట్టేవాడికి పట్టుదల వస్తుంది, పక్కవాళ్లు వంత పాడతారు. బకెట్టు రెండు విస్తళ్ల అవతల ఉన్నప్పుడే "నాకు సగం గరిటె చాలమ్మా" అంటే ఆ సగమే పడుతుంది. "వద్దు" అన్న మాటకు బేరం మొదలవుతుంది, "కొంచెం" అన్న మాటకు బేరం ఉండదు. మేనత్త వచ్చి "ఏరా, మా ఇంటి పెళ్లిలో బొబ్బట్టు తినవా?" అంటే "పులిహోర రెండుసార్లు వేయించుకున్నానత్తా, అద్భుతంగా ఉంది" అనడం ఒక దారి. పొగడ్త ఆమెకు చేరింది, బొబ్బట్టు పళ్లెం ముందుకు సాగింది. ఆ మాట నిజం కాకపోయినా పెళ్లిలో అలాంటి అబద్ధం చెల్లుతుందని మన పెద్దలే ఒప్పుకున్నారు.

జబ్బు పేరు మాత్రం బంతిలో ఎత్తకపోవడం మంచిది. "నాకు బీపీ" అన్నారంటే ఎదుటి వరుసలో కూర్చున్నవారు కూడా వైద్యులైపోతారు. ఒకరు మెంతులు అంటారు, ఒకరు సైంధవ లవణం తింటే ఏమీ కాదంటారు. సైంధవ లవణం కూడా చాలావరకు సోడియం క్లోరైడే, రంగు తప్ప ఒంటికి తేడా లేదు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు దుకాణాల్లో దొరుకుతుంది. అది చాలామందికి పనికొస్తుంది కానీ మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు వాడేవారికి పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. అందుకే ఐదువందల మందికి వండే వంటలో ఆ ఉప్పు వేయడం సరి కాదు, ఎవరికి ఏ జబ్బు ఉందో పెళ్లివారికి తెలియదు. ఇంట్లో వాడాలన్నా మీ డాక్టరును అడిగే వాడండి.

ముహూర్తం ఆలస్యమయ్యే పెళ్లిళ్లలో ఇంకో మాట. చక్కెరకు ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవారు "ఎలాగూ పన్నెండింటికి విందు కదా" అని పొద్దున మందు వేసుకుని టిఫిను మానేస్తారు. తలంబ్రాలు ముగిసి ఆకులు పడేసరికి రెండున్నర అవుతుంది. ఈలోగా చెమటలు, వణుకు. మందు వేసుకున్నాక తిండి మానకూడదు. రెండు ఇడ్లీలు తిని బయల్దేరినవారు ఆకు ముందు కూడా నెమ్మదిగా కూర్చుంటారు.

బఫేలో బలవంతం తక్కువ, ప్రలోభం ఎక్కువ. కొసరి పెట్టే అత్త ఉండదు. కానీ ముప్ఫై రకాల మీద ఒక్కో చెంచా వేసుకున్నా ముప్ఫై చెంచాల ఉప్పూనూనే అవుతుంది. ప్లేటు పట్టుకోకుండా ఒకసారి బల్ల చుట్టూ నడిచి రండి. ఏమేం ఉన్నాయో చూశాక నాలుగు ఎంచుకోండి. చాట్, నూడుల్స్, మంచూరియా ఇంటి దగ్గర కూడా దొరుకుతాయి. మంచూరియాలో పడే సోయా సాస్ ఒక పెద్ద చెంచాలోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. పెళ్లికి వెళ్లి మంచూరియా తినడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం.

పండగ తీపి దగ్గర చిక్కు ఉప్పుది కాదు, పరిమాణానిది. ఊళ్లో సంక్రాంతికి పళ్లేలు తిరుగుతాయి. ఎదురింటివారు అరిసెలు పంపిస్తే పళ్లెం ఖాళీగా తిప్పి పంపకూడదు, మనం సున్నుండలు పెడతాం. వారం తిరిగేసరికి ఇద్దరే ఉన్న ఇంట్లో కూడా నాలుగు డబ్బాలు నిండుతాయి. పుచ్చుకోవడం మర్యాద, పుచ్చుకున్నదంతా తినడం మాత్రం మర్యాదలో భాగం కాదు. వచ్చిన గంటలోనే ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని ముక్కలు విడిగా తీసి, మిగిలింది పనిమనిషి ఇంటికో, ఆఫీసుకో పంపేయడం చాలామంది ఇల్లాళ్లు చేసేదే. అరిసె ఒకటి తినాలనిపిస్తే భోజనం చివర తినండి, మధ్యాహ్నం నాలుగింటికి టీతో కాదు. టీ పక్కన ఒకటితో ఎవరూ ఆగరు. పైగా ఆ టీ పక్కన జంతికలు, చెక్కలు కూడా ఉంటాయి, తీపీ ఉప్పూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. బజారులో కొన్న జంతికల పొట్లం వెనక సోడియం మిల్లీగ్రాముల్లో రాసి ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. వంద గ్రాములకు 800 మిల్లీగ్రాములని ఉంటే రెండు గ్రాముల ఉప్పు అన్నమాట. సినిమా చూస్తూ ఇద్దరు ఒక పొట్లం ఖాళీ చేస్తే తలా ఒక గ్రాము.

హోటల్లో మాత్రం అడిగే హక్కు మనది, అక్కడ మొహమాటం ఎందుకు? సాంబారు ఇడ్లీ అంటే ఇడ్లీలు గిన్నెడు సాంబారులో మునిగి వస్తాయి, ఇడ్లీ మొత్తం ఆ ఉప్పు పీల్చుకుంటుంది. ఇడ్లీ విడిగా, సాంబారు కప్పులో తెమ్మంటే అద్దుకుని తినొచ్చు, సగం కప్పు మిగిలిపోతుంది. ఆంధ్రా మెస్సులో కందిపొడి, గోంగూర బల్ల మీదే ఉంటాయి, కూర వచ్చేలోపు ఊరికే రెండు ముద్దలు వాటితో కలిపేస్తాం. ఆ రెండు ముద్దల్లోనే గ్రాము ఉప్పు పోతుంది. బిర్యానీ ఒక ప్లేటు ఇద్దరికి సరిపోయేలా ఇచ్చే హోటళ్లు హైదరాబాద్‌లో బోలెడు. ఇద్దరు వెళ్లినప్పుడు ముందు ఒకటే చెప్పండి, చాలకపోతే ఇంకొకటి తెప్పించుకోవడానికి వెయిటరు ఎక్కడికీ పోడు.

ఎంత చెప్పినా అతిథి చేతిలో ఉన్నది సగమే, మిగతా సగం పెట్టేవారి చేతిలో ఉంది. పెళ్లివారు వంటమాస్టారితో పులిహోర రకాల గురించి గంట మాట్లాడతారు, ఉప్పు గురించి ఒక్క మాట అనరు. కూరలో ఉప్పు తగ్గించమంటే ఆయన ఒప్పుకోకపోవచ్చు, నాలుగువందల మంది రుచి ఆయన పేరు మీద ఉంటుంది. ఆకు అంచున పడేవాటి విషయంలో అలాంటి పేచీ ఏమీ ఉండదు. ఈ మాఘమాసంలోనో, శ్రావణంలోనో మీ ఇంట్లో పెళ్లి ఉంటే బయానా ఇచ్చే రోజునే రెండు మాటలు చెప్పండి. మజ్జిగ ఉప్పు లేకుండా చిలికించి, ఉప్పు, కరివేపాకు పక్కన గిన్నెలో పెట్టించండి. పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ అందరి ఆకుల్లోనూ ముందుగానే వేసేయకుండా, పళ్లెంలో తిప్పి అడిగినవారికే వేయమనండి. ఖర్చు పెరగదు, పైగా పారేసే అప్పడాలు తగ్గుతాయి.